26 ఫొటోలు చూపించి షూట్ చేయించా, చీరల రంగులే మారిపోయాయి. తప్పు ఎవరిది?

గద్వాల_చీరలు

మాది గద్వాల. ఇంట్లో మగ్గాలున్నాయి, నాన్న, బాబాయి నేస్తారు. రెండేళ్ల నుంచి నేను ఇన్‌స్టాలో అమ్ముతున్నా. ఇన్నాళ్లూ మేడ మీద ఫోన్‌తో తీసిన ఫొటోలే పెట్టేవాణ్ణి. దసరాకు ముందు 40 చీరలు పద్ధతిగా తీయిద్దామని పాలమూరు నుంచి ఒక ఫొటోగ్రాఫర్‌ను పిలిచా. "మీకు ఎలాంటి లుక్ కావాలో మూడ్‌బోర్డ్ పంపండి" అన్నాడు. నాకు నచ్చినవన్నీ పింటరెస్ట్‌లో ఏరి 26 ఫొటోలు పంపా. ఒక్కో ఫొటోలో ఒక్కోటి నచ్చింది. ఒకదాంట్లో కిటికీ వెలుతురు, ఒకదాంట్లో పాత చెక్క తలుపు, ఇంకోదాంట్లో కొంగు పరిచిన తీరు.

షూట్ అయింది. ఫొటోలు చూస్తే ఇంట్లో అందరం మురిసిపోయాం, పెద్ద బ్రాండ్ ఫొటోల్లా ఉన్నాయి. పెట్టిన వారంలో మంచిగా ఆర్డర్లు వచ్చాయి. తర్వాత మొదలైంది. నెలలో 9 చీరలు వెనక్కి వచ్చాయి. "ఆవపిండి రంగు అనుకుని కొన్నా, నిమ్మపండు రంగు వచ్చింది." "నల్ల చీర అనుకోలేదు, బూడిద రంగు అనుకున్నా." ఆకుపచ్చ చీర ఫొటోలో కొంచెం నీలంగా ఉంది. హాఫ్ వైట్ చీరైతే చాయ్ ఒలికినట్టుంది.

ఫొటోగ్రాఫర్‌ను అడిగితే "మీరు పంపిన ఫొటోల్లాగే చేశా అన్నా, చూసుకోండి" అంటున్నాడు. చూస్తే నిజమే. కానీ నేను రంగు కోసం పంపలేదు కదా! తప్పు ఎవరిది?

పాలమూరు_కుర్రోడు

ఫొటోగ్రాఫర్‌ది. చీరలు అమ్మడానికి అని చెప్పాక రంగు మార్చడమేంది? పైసలు వాపస్ అడుగు.

నల్లగొండ_ఫ్లెక్సీ

తమ్మీ, నీ కథ నాకు రోజూ జరిగే కథ. క్లాక్‌టవర్ దగ్గర ఫ్లెక్సీ డిజైన్ చేస్తా. ఒకాయన బర్త్‌డే ఫ్లెక్సీకి సినిమా పోస్టర్ తెచ్చి "సేమ్ ఇట్లనే" అన్నాడు. సేమ్ అట్లనే చేశా. వెనకాల మంటలు, ముఖం మీద రక్తపు మరక కూడా పెట్టా. ఇల్లంతా గొడవ. ఆయనకు కావాల్సింది అందులో అక్షరాలు ఒక్కటే అంట. అప్పటి నుంచి ఎవరు ఫొటో చూపించినా "ఇందులో ఏది?" అని వేలు పెట్టించి ఫొటో తీసుకుంటున్నా 😄

మూడో_కన్ను

@గద్వాల_చీరలు, 15 ఏళ్లుగా బట్టల, నగల ఫొటోలు తీస్తున్నా, హైదరాబాద్‌లో ఉంటా, సొంతూరు వనపర్తి. ఒక ప్రశ్న. ఆ 26లో గోధుమ రంగు టోన్, కొంచెం పాత సినిమా రీల్ లాంటి లుక్ ఉన్నవి ఎన్ని?

గద్వాల_చీరలు

ఇప్పుడే లెక్కపెట్టా అన్నా. 19.

మూడో_కన్ను

అనుకున్నా. నువ్వు 26 వేర్వేరు కారణాలతో 26 ఫొటోలు ఏరావు. ఆ కారణాలు నీ బుర్రలో ఉన్నాయి. అతని ముందు ఉన్నవి ఫొటోలే. అన్నీ ఒకేసారి పరిచి చూసేవాడికి కనిపించేది ఒక్కోదాంట్లో ఉన్న విశేషం కాదు, అన్నిట్లో కామన్‌గా ఉన్నది. 19 ఫొటోల్లో గోధుమ టోన్ ఉంటే, నువ్వు నోటితో అనకపోయినా గోధుమ టోనే ఆర్డర్ ఇచ్చినట్టు. కిటికీ ఉన్న ఫొటో ఒక్కటే, తలుపు ఉన్నది ఒక్కటే. అవి నీ మనసులో పెద్దవి, బోర్డులో చిన్నవి.

ఇంకోసారి పంపే ముందు ఒక పని చెయ్యి. ఫొటోలన్నీ ఒకే పేజీలో పెట్టి, తపాలా బిళ్లంత చిన్నగా చేసి, రెండడుగుల దూరం నుంచి చూడు. ముందుగా ఏం కనిపిస్తే అదే నువ్వు అడిగినట్టు. అది నీకు అక్కర్లేనిదైతే బోర్డు మార్చాలి.

అతని తప్పు లేదనను. చీర అమ్మే ఫొటోకు రంగు ముట్టుకోవద్దని అతనికి తెలిసి ఉండాలి, అడిగి ఉండాలి. కానీ పైసలు వాపస్ అడిగేంత తప్పు కాదు.

సూదీ_దారం

మహబూబ్‌నగర్‌లో టైలరింగ్ షాపు నాది. బ్లౌజ్‌కు ఫోన్‌లో ఫొటో తెస్తారు. అది మెడ కోసమా, చేతుల కోసమా, వెనక డోరీల కోసమా చెప్పరు. నేను మొత్తం కుట్టేస్తే "అయ్యో అక్కా, నేను చేతుల వరకే చూపించా" అంటారు. ఇప్పుడు నేను ఫొటో ప్రింట్ తీసి వద్దన్న భాగం కత్తిరించేస్తా. చేతులు కావాలంటే చేతుల ముక్క ఒక్కటే పుస్తకంలో అంటిస్తా. వారం తర్వాత కుట్టేటప్పుడు నాకు మాటలు గుర్తుండవు, ముక్క మాత్రం కళ్ల ముందు ఉంటుంది.

మూడో_కన్ను

@సూదీ_దారం అక్కా, మా ఫీల్డులో చాలామందికి ఇది తెలియదు. "ఇది పట్టించుకోకు" అని రాసినా కన్ను దాని మీదికే పోతుంది. కళ్ల ముందు లేకుండా చేస్తేనే నిజంగా వదిలేసినట్టు.

ఫొటోకు కూడా ఇదే. కొంగు పరిచిన తీరు కావాలా? కొంగు వరకే క్రాప్ చేసి పంపు, అమ్మాయి ముఖం, గోడ అన్నీ తీసేయ్. వెలుతురు ఒక్కటే కావాలా? ఆ ఫొటోను బ్లాక్ అండ్ వైట్ చేసి పంపు. రంగు పోయింది కాబట్టి రంగు కాపీ చేసే అవకాశమే లేదు. నీడ ఎటు పడింది, నీడ అంచు మెత్తగా ఉందా గీత గీసినట్టుందా, ఇవే కనిపిస్తాయి. ఎక్కడ ఏముంది, ఎంత ఖాళీ వదిలారు అన్నదే కావాలంటే మసక చేసి పంపు, వివరాలు పోయి అమరిక మిగులుతుంది. నీ 19 ఫొటోలనూ బ్లాక్ అండ్ వైట్ చేసి పంపి ఉంటే సగం గొడవ ఉండేదే కాదు.

దేవరకొండ_డీఎస్ఎల్ఆర్

ఇంత కథ ఎందుకు? గ్రే కార్డ్, అంటే వేరే రంగు కలవని బూడిద అట్ట పెట్టి ఒక ఫొటో తీసి, తెలుపు తెలుపుగానే కనిపించేలా వైట్ బ్యాలెన్స్ సెట్ చేస్తే రంగు సమస్య తీరిపోతుంది. కార్డు లేకపోతే తెల్ల ఎ4 కాగితం చాలు. మూడ్‌బోర్డ్‌తో సంబంధమే లేదు.

కొల్లాపూర్_మామిడి

మూడ్‌బోర్డ్ అంటే గోడ రంగులకు కూడా చేస్తారా? మేం ఇల్లు కడుతున్నాం. హాలుకు లేత పసుపు, బెడ్‌రూమ్‌కు ఏం వేయాలో తెలియట్లేదు. ఈ ఆవపిండి రంగు గోడకు బాగుంటుందా?

నల్లగొండ_ఫ్లెక్సీ

@కొల్లాపూర్_మామిడి అన్నా, ఇక్కడ ఆవపిండి కావాలన్నోళ్లకు నిమ్మకాయ వస్తుంది, జాగ్రత్త.

మూడో_కన్ను

@దేవరకొండ_డీఎస్ఎల్ఆర్ సగం కరెక్ట్. గ్రే కార్డ్ తప్పకుండా కావాలి. కానీ అది సరిచేసేది వెలుతురు రంగును. షూట్ నాడు కార్డుతో రంగు సరిగ్గానే వచ్చి ఉండొచ్చు. ఆ తర్వాత ఎడిటింగ్‌లో మూడ్‌బోర్డ్‌కు కలపాలని నారింజ తోస్తే, నలుపును బూడిద వైపు లేపితే, కార్డు ఏం చేస్తుంది? ఇక్కడ చీర రంగు పోయింది కెమెరాలో కాదు, ఎడిటింగ్ టేబుల్ మీద. నల్ల చీర బూడిదగా కనిపించడానికి వైట్ బ్యాలెన్స్‌తో పనే లేదు. ఆ రీల్ లుక్‌లో నలుపు ఎప్పుడూ పూర్తి నలుపుగా ఉండదు, అదే దాని అందం. చీర అమ్మడానికి అదే దాని దోషం.

ఎ4 కాగితం వద్దు. అది మరీ తెల్లగా మెరవడానికి బ్రైట్‌నర్లు కలుపుతారు, ఎండలో కొంచెం నీలంగా ఉంటుంది. దాన్ని తెలుపు అనుకుని సరిచేస్తే ఫొటో మొత్తం పసుపుకు తిరుగుతుంది. పసుపు చీరలకు ఇది ఇంకా ప్రమాదం.

దేవరకొండ_డీఎస్ఎల్ఆర్

నేను ఐదేళ్లుగా ఎ4తోనే చేస్తున్నా, పెళ్లి వాళ్లు ఎవరూ కంప్లైంట్ చేయలేదు.

మూడో_కన్ను

పెళ్లి ఫొటోలో కొంచెం పసుపు పడితే పసుపు నలుగు అనుకుంటారు తమ్మీ. నీ దాంట్లో చీర వెనక్కి పంపేవాళ్లు లేరు.

కృష్ణ_ఒడ్డు

నాదీ ఒక కేసు. బీచుపల్లి దగ్గర మా చెల్లి ప్రీవెడ్డింగ్ తీశాం. ఎక్కడో చూసిన ఫొటోలో పచ్చని చెట్ల కింద తెల్ల డ్రెస్ భలే ఉంది. అలాగే మధ్యాహ్నం చెట్టు కింద నిలబెట్టి తీశాం. తెల్ల డ్రెస్ పచ్చగా, ముఖాలు కామెర్లు వచ్చినట్టు వచ్చాయి. తర్వాత తెలిసింది, ఆకుల గుండా వచ్చే వెలుతురు, ఆకుల మీద పడి తిరిగొచ్చే వెలుతురు రెండూ పచ్చగానే ఉంటాయంట. ఆ రిఫరెన్స్ ఫొటోలో వాళ్లు చెట్టు ముందు ఆరుబయట ఉన్నారు, చెట్టు వెనకాల ఉంది. మేం చెట్టును తీసుకున్నాం, మనిషి ఎక్కడ నిల్చున్నాడో చూడలేదు.

గద్వాల_చీరలు

సరే, అర్థమైంది. ఇప్పుడు 12 చీరలు మళ్లీ తీయించాలి, బాగా దెబ్బతిన్నవి. అదే ఫొటోగ్రాఫర్ సగం రేటుకు వస్తా అన్నాడు, మంచి మనిషే పాపం. ఈసారి బోర్డు ఎలా పంపాలి? ఎన్ని ఫొటోలు?

మూడో_కన్ను

ఐదారు చాలు. ఒక్కో ఫొటోకు ఒక్కటే పని అప్పజెప్పు. వెలుతురుకు ఒకటే ఫొటో ఉండాలి, రెండు పెడితే అవి కొట్లాడుకుంటాయి. ఒకదాంట్లో ఎడమ నుంచి మెత్తటి కిటికీ వెలుతురు, ఇంకోదాంట్లో మిట్టమధ్యాహ్నం ఎండ ఉంటే అతను రెంటికీ మధ్యస్తంగా ఏదో చేస్తాడు, అది దేనిలాగా ఉండదు.

ఒక్కో ఫొటో కింద రెండు మాటలు రాయి. "తీసుకోవాల్సింది" ఇది, "వదిలేయాల్సింది" ఇది. వదిలేయాల్సిన దానికి పక్కనే "బదులు ఏమిటి" అని కూడా రాయాలి. ఊరికే "టోన్ వద్దు" అంటే అక్కడ ఖాళీ మిగిలిపోతుంది, అతను తన అలవాటు టోన్ వేస్తాడు. "టోన్ వద్దు, బదులు చీర పగటి వెలుతురులో చేతిలో ఎలా ఉందో అలా" అని రాయి.

వీటికి వేరుగా ఇంకొక ఫోల్డర్ పెట్టు. అందులో నీ 12 చీరలవి మామూలు ఫోన్ ఫొటోలు, నీడ పట్టున, పగటి పూట. ఇవి అందం కోసం కాదు, ఆధారం కోసం. చీర పేరు, రంగు పేరు మీ ఇంట్లో ఏమంటారో రాయి. చీరలో ఒక చిన్న ముక్క, లేకపోతే అదే రంగు నూలు కండె ఇవ్వగలిగితే ఇంకా మంచిది. ఎడిటింగ్ చేసేటప్పుడు స్క్రీన్ పక్కన పెట్టుకుని చూస్తాడు. స్టైల్ ఫొటోలు, ఆధారం ఫొటోలు ఒకే కుప్పలో కలపకు. కలిపితే ఏది నిజమో ఏది కోరికో తెలియదు.

వెలుగు_నీడ

నేను ఒప్పుకోను. నేనూ ఫొటోగ్రాఫర్‌నే, సూర్యాపేట. ఇట్లా ప్రతి ఫొటోకు కింద ఆర్డర్లు రాసిస్తే ఇక నేనెందుకు, ట్రైపాడ్ చాలు. క్లయింట్ చెప్పాల్సింది "ఈ చీర చూస్తే పండగ ముందు రోజు ఇల్లులా అనిపించాలి" లాంటి మాట. ఎలా తీయాలో నేను చూసుకుంటా. పదిసార్లు చూశా, వివరాలు ఎక్కువ రాసేవాళ్ల షూట్‌లే చప్పగా వస్తాయి.

మూడో_కన్ను

నీ మాటలో నిజం ఉంది. పండగ ముందు రోజు అన్న మాట నాకు కూడా కావాలి, బోర్డు పైన ఆ ఒక్క వాక్యం రాయమంటా. కానీ "పండగ ముందు రోజు" అంటే నీకు దీపాల వెలుతురు, నాకు సున్నం వేసిన గోడ మీద పొద్దుటి ఎండ. దీపాల వెలుతురులో నిమ్మపండు రంగు ఆవపిండే అవుతుంది. మళ్లీ మొదటికే వచ్చాం.

వెలుగు_నీడ

అందుకే కూర్చుని మాట్లాడుకోవాలి అంటున్నా. కాగితం మీద తీర్పులు కాదు.

సూదీ_దారం

మాట్లాడుకోవడం మంచిదే. కానీ మాట్లాడింది మర్నాటికి ఇద్దరికీ వేరుగా గుర్తుంటుంది. నా షాపులో కొట్లాటలన్నీ దాని మీదే.

గద్వాల_చీరలు

@మూడో_కన్ను అన్నా ఇంకో సమస్య. మొదటి షూట్‌లో కొన్ని చీరల జరీ నల్లగా వచ్చింది. అచ్చం ఇత్తడి చెంబు మసి పట్టినట్టు. రిఫరెన్స్‌లో మాత్రం జరీ బంగారంలా వెలుగుతోంది. అదే వెలుతురు కావాలని చూపించా కదా?

మూడో_కన్ను

ఇది మంచి ప్రశ్న, గద్వాల చీరకు ముఖ్యమైనది కూడా. మీ చీరలో ఒళ్లు నూలు, అంచు, కొంగు పట్టు, జరీ. నూలు మీద వెలుతురు పడితే అన్ని వైపులకూ చెదిరిపోతుంది, ఎటు నుంచి తీసినా ఒకేలా ఉంటుంది. జరీ అలా కాదు, అది అద్దం బుద్ధి. తన రంగు తక్కువ చూపిస్తుంది, ఎదురుగా ఏముందో అది ఎక్కువ చూపిస్తుంది. ఎదురుగా చీకటి గది ఉంటే జరీ నల్లబడుతుంది. ఎదురుగా చిన్న బల్బు ఉంటే రెండు చుక్కలు తళుక్కుమని మిగతా అంతా నల్లగా ఉంటుంది. పెద్ద తెల్లటిది ఏదైనా ఉంటే అంచు పొడుగునా సమానంగా వెలుగుతుంది.

నీ రిఫరెన్స్‌లో అమ్మాయి పక్కన పెద్ద కిటికీ, ఎదుటి వైపు తెల్ల గోడ ఉండి ఉంటాయి. ఫ్రేమ్‌లో కనిపించవు. ఆమె కళ్లలోకి జూమ్ చేసి చూడు. కంటిపాపలో తెల్లటి ఆకారం కనిపిస్తుంది. పొడుగ్గా నలుచదరంగా ఉంటే కిటికీ, గుండ్రంగా ఉంటే గొడుగు లైట్ లాంటిది. ఎంత పెద్దగా ఉందో చూస్తే లైటు ఎంత పెద్దదో, ఎంత దగ్గరో తెలుస్తుంది. రెండో వైపు కూడా మసకగా ఇంకో తెల్లటిది ఉంటే అటు గోడో బోర్డో ఉన్నట్టు.

కాబట్టి "ఈ వెలుతురు తీసుకో" అని రాస్తే సరిపోదు. ఆ వెలుతురు ఎక్కడి నుంచి వచ్చిందో నీ గదిలో అది ఉండాలి. మీ ఇంట్లో కిటికీ ఎంత?

గద్వాల_చీరలు

మూడడుగులు ఉంటుందేమో, ఇనుప చువ్వలు. మగ్గం గదిలో అది ఒక్కటే. మొదటి షూట్ అక్కడే అయింది, గోడలకు మసి రంగు ముదురు పెయింట్. మగ్గం వెనకాల కనిపిస్తే బాగుంటుందని.

నల్లగొండ_ఫ్లెక్సీ

ఇప్పుడు దొంగ దొరికాడు.

మూడో_కన్ను

అవును, ముదురు గోడలే జరీని నల్లగా చేసింది. రెండు మార్గాలు. మగ్గం గదే కావాలంటే ఐదారు తెల్ల థర్మాకోల్ షీట్లు తెచ్చి కిటికీకి ఎదుటి వైపు నిలబెట్టండి. కెమెరా ఉన్న చోటే నిల్చుని చూస్తూ ఒకరు షీట్‌ను మెల్లగా తిప్పాలి. ఒక కోణంలో అంచు మొత్తం ఒక్కసారిగా వెలుగుతుంది, అక్కడ ఆపాలి. తిప్పేవాడికి కాదు, కెమెరా చోటు నుంచి చూసేవాడికే ఆ కోణం తెలుస్తుంది. లేదంటే వరండాలోకి రండి, నేరుగా ఎండ తగలని చోట, ముందు ఆకాశం తెరిచి ఉన్న చోట. ఆకాశం కన్నా పెద్ద తెల్ల షీట్ ఎక్కడ దొరుకుతుంది? పొద్దున కొంచెం నీలం పడుతుంది, దానికి @దేవరకొండ_డీఎస్ఎల్ఆర్ చెప్పిన గ్రే కార్డ్ ఉంది.

ట్యూబ్‌లైట్, బల్బులు మాత్రం ఆపేయండి. కిటికీ వెలుతురూ బల్బు వెలుతురూ కలిస్తే చీరలో ఒక వైపు నీలం, ఒక వైపు పసుపు. దాన్ని ఏ కార్డూ సరిచేయలేదు.

దేవరకొండ_డీఎస్ఎల్ఆర్

చూశారా, చివరికి గ్రే కార్డ్ దగ్గరికే వచ్చారు.

పాలమూరు_కుర్రోడు

ఇంకో డౌట్. వేరే వాళ్ల ఫొటోలు ఇలా వాడుకోవడం దొంగతనం కాదా?

వెలుగు_నీడ

చూపించుకోవడం తప్పు కాదు. అదే ఫొటో నీ పేజీలో పెట్టుకుంటే తప్పు. అదే పోజు, అదే తలుపు, అదే ఫ్రేమ్ మక్కీకి మక్కీ దింపితే కూడా నాకు చిరాకే. నా ఫొటో ఒకటి అలా ఎవరో దింపేశారు, చివరికి కింద పడిన పూల రెక్క కూడా. ఆ రెక్క ఆ రోజు గాలికి పడింది, నేను పెట్టింది కూడా కాదు 😂 ఐదు ఫొటోల నుంచి ఐదు వేర్వేరు విషయాలు తీసుకుంటే చివరికి వచ్చేది ఎవరిదీ కాదు, నీదే. ఆ విషయంలో మూడో_కన్ను పద్ధతి మంచిదని ఒప్పుకుంటా. ఆ ఒక్క విషయంలోనే.

గద్వాల_చీరలు

రెండు రోజులు కూర్చుని రాశా. ఇదిగో పంపబోయే బోర్డు, తప్పులుంటే చెప్పండి.

పైన ఒక వాక్యం: "పండక్కి కొన్న చీరను అమ్మ పొద్దున వరండాలో విప్పి చూస్తున్నట్టు ఉండాలి."

ఫొటో 1, బ్లాక్ అండ్ వైట్ చేశా. తీసుకోవాల్సింది: ఎడమ వైపు నుంచి మెత్తటి వెలుతురు, కుచ్చిళ్ల మధ్య నీడ కనిపించడం. వదిలేయాల్సింది: వెనక చీకటి. బదులు మా వరండా సున్నం గోడ.

ఫొటో 2, కొంగు వరకే క్రాప్. తీసుకోవాల్సింది: కొంగు బల్ల మీద పరిచి ఒక మూల మడిచిన తీరు. వదిలేయాల్సింది: బల్ల మీది పూలు, ఇత్తడి సామాను. బదులు ఏమీ వద్దు, ఖాళీ బల్ల.

ఫొటో 3, మసక చేశా. తీసుకోవాల్సింది: మనిషి ఒక పక్కకు, మిగతా సగం ఖాళీ. ధర రాయడానికి చోటు కావాలి. వదిలేయాల్సింది: మనిషి పోజు. బదులు మా చెల్లి మామూలుగా నిలబడుతుంది.

ఫొటో 4, అంచు దగ్గరి నుంచి. తీసుకోవాల్సింది: జరీ పొడుగునా సమానంగా వెలగడం, నూలు ఒళ్లు, పట్టు అంచు కలిసే చోటు స్పష్టంగా కనిపించడం. వదిలేయాల్సింది: బంగారు టోన్. బదులు ఆధారం ఫోల్డర్‌లోని రంగు.

ఫొటో 5, మా మొదటి షూట్‌లోదే, ఆవపిండిలా వచ్చిన నిమ్మపండు చీర. దీని మీద పెద్దగా అడ్డంగా గీత కొట్టా. ఇలా వద్దు అని.

మూడో_కన్ను

చాలా బాగుంది. ఫొటో 5 తెలివైన పని, "వద్దు" అన్నదానికి ఇద్దరూ చూసిన ఉదాహరణ ఉంది. కానీ దాన్ని విడిగా పంపు, మిగతా నాలుగింటి పక్కన పెట్టకు. ఎవరైనా ఆ గీత చూడకుండా ఫార్వర్డ్ చేస్తే అదీ రిఫరెన్సే అయిపోతుంది.

ఫొటో 1లో ఒక మాట మార్చు. కుచ్చిళ్ల మధ్య నీడ కనిపించాలి అన్నావు, ఫొటో 4లో జరీ సమానంగా వెలగాలి అన్నావు. షీట్ బాగా దగ్గరికి తెస్తే జరీ వెలుగుతుంది, కుచ్చిళ్ల నీడ పోతుంది. రెండూ ఒకే ఫొటోలో పూర్తిగా రావు. ఏది ముఖ్యమో రాయి.

గద్వాల_చీరలు

నిలబడ్డ ఫొటోలో కుచ్చిళ్లు, దగ్గరి ఫొటోలో జరీ. అలా రాస్తే?

మూడో_కన్ను

అదే.

సూదీ_దారం

నీ ఫొటో 2 చూస్తే ముచ్చటేసింది తమ్మీ, నా పుస్తకంలో ముక్కలాగే ఉంది.

గద్వాల_చీరలు

అప్‌డేట్. నిన్న షూట్ అయింది. పొద్దున ఏడున్నర నుంచి పదింటి వరకు వరండాలో. ఫొటోగ్రాఫర్ బోర్డు చూసి ముందు కొంచెం ముఖం మాడ్చుకున్నాడు, "అన్నీ మీరే చెప్తే ఎట్లా అన్నా" అన్నాడు. తర్వాత థర్మాకోల్ తిప్పుతుంటే అంచు ఒక్కసారి వెలిగింది, అప్పటి నుంచి అతనే ఉత్సాహంగా షీట్లు మోశాడు. నిమ్మపండు నిమ్మపండులాగే ఉంది. నల్ల చీర నలుపు. నాన్న ఫోన్‌లో చూసి చీర పక్కన పెట్టుకుని ఏమీ అనలేదు. ఏమీ అనలేదంటే బాగున్నట్టే.

ఒక్కటి మాత్రం కుదరలేదు. నెమలి కంఠం చీర. నిలువు పోగు ఒక రంగు, అడ్డం పోగు ఒక రంగు కదా, ఇటు చూస్తే నీలం, అటు చూస్తే ఆకుపచ్చ. ఆధారం ఫొటోలోనే రెండు తీస్తే రెండు రంగులొచ్చాయి. ఏది నిజమని రాయాలి?

మూడో_కన్ను

రెండూ నిజమే, అదే చిక్కు. రెండు ఫొటోలు పక్కపక్కన పెట్టు, ఒకటి మడత వెలుగు వైపు, ఒకటి నీడ వైపు.

వెలుగు_నీడ

ఫొటో కాదు, పది సెకన్ల వీడియో తియ్యి. కొంగు పట్టుకుని మెల్లగా తిప్పితే చాలు. ఫొటోల్లో ఎంత చెప్పినా ఆ చీర అబద్ధమే ఆడుతుంది.

మూడో_కన్ను

వీడియోలో ఫోన్ తనంతట తాను వైట్ బ్యాలెన్స్ మార్చుకుంటూ పోతుంది, అప్పుడు చీర రంగు మారిందో ఫోన్ మార్చిందో తెలియదు. లాక్ చేసి తీస్తేనే.

వెలుగు_నీడ

లాక్ చేసే తీస్తారు లే. మేం కూడా ఊరికే లేం.

కొల్లాపూర్_మామిడి

ఈ నెమలి కంఠం బెడ్‌రూమ్ గోడకు...

నల్లగొండ_ఫ్లెక్సీ

@కొల్లాపూర్_మామిడి వద్దన్నా. పడుకున్నప్పుడు నీలం, లేచినప్పుడు ఆకుపచ్చ. వదినకు ఏం చెప్తావు?

సూదీ_దారం

@గద్వాల_చీరలు ఆ నల్ల చీర ఉందా, అయిపోయిందా? వెనక్కి వచ్చిందే ఇవ్వు, రేటు కొంచెం చూసుకో.